ఏడాదిలో నిజంగా ఎంత పెరిగాం? పర్లాకిమిడిలో ఒక ఇంటి లెక్క

2025 మార్చి నెలాఖరున, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలోని అక్కావాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి బావ ముందు బ్యాంకు పాస్‌పుస్తకం తెరిచి ఉంది. అక్క చేతిలోని ఫోనులో ఆ రోజు బంగారం ధర కనిపిస్తోంది. "నిరుడు ఇదే రోజుకి ఖాతాలో 37,000 ఉన్నాయి, ఈ రోజు 48,000 ఉన్నాయి. ఏడాదంతా ఇద్దరం కష్టపడితే మిగిలింది 11,000" అన్నాడు బావ. "ఒక్క బంగారమే లక్షన్నర పైన పెరిగింది, అది కనబడదా మీకు?" అంది అక్క. ఇద్దరూ చెప్పినవి నిజమైన అంకెలే. అయినా ఆ ఇల్లు ఆ ఏడాది ఎంత ముందుకు వెళ్ళిందో ఆ రెండింటిలో ఏదీ చెప్పదు. అది చెప్పగలిగేది నికర ఆస్తుల పట్టిక. ఏడాది తేడాతో రాసిన రెండు పట్టికలు, వాటి మధ్య తేడాను విడదీసే ఇంకొక లెక్క. ఆ సాయంత్రం మేం ముగ్గురం కూర్చుని ఆ పని చేశాం. ఊళ్ళో చిన్న వ్యాపారులకు ఖాతాలు రాసిపెట్టడం నా పని కాబట్టి పద్ధతి నాకు తెలుసు, అంకెలు వాళ్ళవి.

నికర ఆస్తి అంటే ఒక నిర్ణీత తేదీన మనకున్నవన్నీ అమ్మేసి, మన బాకీలన్నీ తీర్చేస్తే చేతిలో మిగిలేది. ఇందులో తేదీ చాలా ముఖ్యం. జీతం, ఖర్చు లాంటివి ఏడాది పొడవునా సాగేవి. పట్టిక మాత్రం ఒక రోజున తీసిన ఫొటో లాంటిది. బ్యాంకులు, భవిష్య నిధి, రుణ ఖాతాల కాగితాలన్నీ ఆ తేదీకే దొరుకుతాయి కాబట్టి మన దేశంలో మార్చి 31 పెట్టుకోవడం సులువు. రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెడితే ఏం మారిందో కనిపిస్తుంది. ఎందుకు మారిందో తెలుసుకోవాలంటే ఇంకొక అడుగు వేయాలి. చాలామంది ఆగిపోయేది అక్కడే.

ముందు ఆస్తుల వైపు చూద్దాం. అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ధర వేయడంలో. అక్క తన నోటుపుస్తకంలో మొదట రాసుకున్న జాబితాలో ఇల్లు 30 లక్షలు, బీమా పాలసీ 5 లక్షలు, బంగారం 92 గ్రాములు అని ఉంది. మూడూ దిద్దాల్సి వచ్చింది.

ఇంటి సంగతి ముందు. వాళ్ళ ఇల్లు ఒక గుంట స్థలంలో ఉంది. ఇక్కడ గుంట అంటే ఎకరంలో 25వ వంతు, అంటే 4 డిసిమిళ్ళు, దాదాపు 1,742 చదరపు అడుగులు. తెలంగాణలోనూ మహారాష్ట్రలోనూ ఎకరానికి 40 గుంటలు, అక్కడి గుంట 1,089 చదరపు అడుగులే. హైదరాబాద్‌లో ఉంటున్న మరిది ఫోనులో ఇంటి విలువ అంచనా కట్టినప్పుడు తన లెక్క ప్రకారం చిన్న గుంటకు పెద్ద ధర వేశాడు. అలా వేసిన ధరనే ఇక్కడి గుంటకు అడుగుల చొప్పున విస్తరించి అక్క 30 లక్షలు చేసింది. సరిహద్దు జిల్లాల్లో ఉండేవాళ్ళు ఈ మాట దగ్గర జాగ్రత్త పడాలి. ఒకే పేరు, రెండు కొలతలు. డిసిమిల్ విషయంలో ఈ ఇబ్బంది లేదు. ఆంధ్రలో సెంటు అన్నా, ఒడిశాలో డిసిమిల్ అన్నా ఎకరంలో నూరో వంతే. అందుకని పట్టాలో రాసినట్లు డిసిమిళ్ళలోనే రాసుకున్నాం. రెండు వీధుల అవతల దాదాపు అంతే ఉన్న ఇల్లు నిజంగా ఎంతకు చేతులు మారిందో కనుక్కుని, ఈ ఇంటికి 22 లక్షలు వేశాం.

ఈ 22 లక్షలను రెండేళ్ళకూ మార్చకుండా ఉంచాం. ఇల్లు అమ్మకానికి పెట్టలేదు, ఏటా దాని ధర తెలుసుకునే మార్గం కూడా లేదు. ఊహ మీద ఏటా లక్షో రెండు లక్షలో పెంచుకుంటూ పోతే ఆ ఊహే పట్టికలో అతి పెద్ద అంకె అయి కూర్చుంటుంది, మిగతా కష్టమంతా దాని నీడలో మాయమవుతుంది. అయిదేళ్ళకొకసారి మళ్ళీ ధర వేసి, ఆ ఏడాది పట్టికలో దాన్ని విడిగా చూపిస్తే చాలు అని నా అభిప్రాయం.

మహేంద్రతనయ నది అవతల, పాతపట్నం వైపు బావకు పొలం వాటా ఉంది. మొత్తం ఎకరా 80 సెంట్లు. ముగ్గురు అన్నదమ్ములు, ఇంకా పంపకం కాలేదు. కాబట్టి పట్టికలోకి వచ్చేది 60 సెంట్లే. అది ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి బావ రిజిస్ట్రేషన్ శాఖ విలువ వేద్దామన్నాడు. అలా వేస్తే ఒక చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుంచి ఆ విలువలను సవరించారు. 2024 పట్టికలో పాత విలువ, 2025 పట్టికలో కొత్త విలువ వేస్తే, పొలంలో ఒక్క గట్టు కూడా మారకుండానే ఆస్తి మారినట్లు కనిపిస్తుంది. స్టాంపు సుంకం కోసం ప్రభుత్వం పెట్టే విలువ అది, కొనేవాడు ఇచ్చే ధర కాదు. ఏ కొలత వాడినా రెండేళ్ళకూ అదే వాడాలి. పంపకం కాని భూమికి కొనేవాళ్ళు తక్కువే ఇస్తారన్న సంగతి కూడా మనసులో పెట్టుకుని 6 లక్షలు వేసి, రెండేళ్ళకూ అదే ఉంచాం.

ఇక బంగారం. అక్క నగలన్నీ తూకం వేస్తే 92 గ్రాములు. అందులో రాళ్ళు, లక్క కలిపి 12 గ్రాములు పోతే నికరంగా 80 గ్రాములు. అన్నీ 22 క్యారెట్లవే, అంటే వెయ్యికి 916 పాళ్ళు మేలిమి. కొన్నప్పుడు ఇచ్చిన మజూరీ, తరుగు అమ్మేటప్పుడు తిరిగి రావు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. గ్రాము ధర 2024 మార్చి ఆఖరున దాదాపు 6,200, 2025 మార్చి ఆఖరున దాదాపు 8,300 అని గుండు అంకెలు తీసుకున్నాం. "మంగళసూత్రం అమ్మేది కాదు కదా, దాన్నెందుకు లెక్క వేయడం?" అని అక్క అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. కానీ 2024 జనవరిలో అవసరం వచ్చినప్పుడు నగలు బ్యాంకులో పెట్టి 1,20,000 తెచ్చుకున్నారు. అవసరానికి అక్కరకు వచ్చిన వస్తువు పట్టికలో ఉండాల్సిందే. తాకట్టులో ఉన్నంత కాలమూ బంగారాన్ని ఆస్తుల్లో పూర్తిగా చూపించాలి, దాని మీద తెచ్చిన రుణాన్ని అప్పుల్లో చూపించాలి. తాకట్టు పెట్టామని నగను కొట్టేసి, అప్పును కూడా రాస్తే ఒకే దెబ్బను రెండుసార్లు తిన్నట్టు అవుతుంది.

బీమా పాలసీ మీద ముద్రించిన 5 లక్షలు మనిషి పోతేనో, గడువు పూర్తయితేనో వచ్చే మొత్తం. మార్చి 31న పాలసీ వదులుకుంటే ఎంత ఇస్తారో, ఆ సరెండర్ విలువే ఆ రోజు ఆస్తి. బీమా కార్యాలయంలో అడిగితే రాసిస్తారు. వాళ్ళ పాలసీకి 2024లో 90,000, 2025లో 1,08,000. భవిష్య నిధికి ఒక చిన్న మెలిక ఉంది. ఏడాది వడ్డీ ఖాతాలో పడటానికి మార్చి తరువాత కొన్ని నెలలు పడుతుంది. అందుకని 2024-25కు ప్రకటించిన 8.25 శాతం చొప్పున వడ్డీ కట్టుకుని చేర్చాం. ఫ్రిజ్, పాత్రలు, బట్టలు లెక్కలోకి తీసుకోలేదు. అవి వాడుకునే వస్తువులు, కొన్న రోజే ఖర్చు కింద పోయాయి.

ఆస్తుల్లో ఒక వరుస దగ్గర మాత్రం ఇంట్లో కాసేపు నిశ్శబ్దం ఆవరించింది. మూడేళ్ళ క్రితం దూరపు బంధువు ఒకరికి 50,000 చేబదులు ఇచ్చారు. ఆయన సూరత్ మగ్గాల పనికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళుగా వడ్డీ లేదు, ఈ ఏడాది ఇవ్వలేనని కబురు పంపాడు. 2024 మార్చిలో వస్తుందన్న నమ్మకం ఉంది కాబట్టి అప్పటి పట్టికలో 50,000 అలాగే ఉంచాం. 2025లో సున్నా వేశాం. అక్కకు నచ్చలేదు. బాకీని మాఫీ చేయడం లేదు, పుస్తకంలో పేరు అలాగే ఉంటుంది, డబ్బు వస్తే వచ్చిన ఏడాది లాభంగా రాసుకుందాం అని చెప్పాను. రాని డబ్బును ఆస్తిగా చూపిస్తే దాని మీద ఆధారపడి ఇంకో అప్పు చేసే ప్రమాదం ఉంటుంది.

అప్పుల వైపు వరుసలు తక్కువ, అపార్థాలు ఎక్కువ. ఇంటి రుణం 12 లక్షలు, 9 శాతం వడ్డీ, 15 ఏళ్ళు, నెలకు కిస్తీ 12,171. 2024 మార్చికి 36 కిస్తీలు కట్టారు, ఇంకా 144 మిగిలాయి. బావ 144ను కిస్తీతో గుణించి "ఇంకా 17 లక్షల 52 వేల అప్పు ఉంది" అనుకుంటున్నాడు. అది తప్పు. అందులో చాలా భాగం రాబోయే ఏళ్ళ వడ్డీ. ఆ ఏళ్ళు ఇంకా రాలేదు కాబట్టి ఆ వడ్డీ ఇంకా బాకీ కాలేదు. రేపు ఉదయం మొత్తం తీర్చేయాలంటే బ్యాంకు అడిగేది మిగిలిన అసలు మాత్రమే, దాదాపు 10,70,000. ఏటా రుణం మీద అసలు ఎంత, వడ్డీ ఎంత కట్టామో చెప్పే కాగితం బ్యాంకు ఇస్తుంది. ఆదాయపు పన్ను కోసం చాలామంది తెచ్చుకుంటారు. పట్టికకు కావాల్సిన అంకె అందులోనే ఉంటుంది.

నగల రుణంలో పొరపాటు దీనికి అటువైపు ఉంటుంది. దానికి నెలనెలా కిస్తీ లేదు, విడిపించుకునే రోజున అసలూ వడ్డీ కలిపి కట్టాలి. అక్క 1,20,000 అని రాసింది. కానీ జనవరి నుంచి మార్చి వరకు మూడు నెలల వడ్డీ, దాదాపు 3,000, అప్పటికే ఎక్కి కూర్చుంది. అడగకపోయినా అది బాకీయే. 1,23,000 రాశాం.

ఇక చిట్టీ. అక్క రెండు లక్షల చిట్టీలో ఉంది. 25 మంది, 25 నెలలు, నెలకు 8,000, ఆ నెల వచ్చే డివిడెండును అందులోంచి మినహాయించుకుని మిగతాది కట్టాలి. చిట్టీలో ఉన్న విశేషం ఏమిటంటే, పాట పాడుకునే వరకు అది ఆస్తి, పాడుకున్న రోజు నుంచి అప్పు. 2024 మార్చికి ఎనిమిది వాయిదాలు కట్టింది, డివిడెండు పోగా చేతి నుంచి పోయింది 52,000. ఆ రోజుకు అది ఆస్తి. డిసెంబరులో, 17వ నెలలో, 30,000 తగ్గించి పాడుకుంటే చేతికి 1,70,000 వచ్చాయి. ఆ డబ్బుతో నగల రుణం అసలూ వడ్డీ కలిపి 1,30,000 కట్టి విడిపించారు. మిగిలిన 40,000లో పాత ఫ్రిజ్ మార్చారు, కొంత పండుగకు ఖర్చయింది. 2025 మార్చికి ఇంకా అయిదు వాయిదాలు ఉన్నాయి. డివిడెండు ఎంత వస్తుందో ముందు తెలియదు కాబట్టి పూర్తిగా 40,000 అప్పు కింద రాశాం. చిట్టీ డబ్బు వచ్చిన నెల ఇంట్లో ఆదాయం వచ్చినట్టు అనిపిస్తుంది. నిజానికి అది కొంత మన డబ్బు మనకు తిరిగి రావడం, కొంత కొత్త అప్పు.

బావ ఒక సహోద్యోగి రుణానికి జామీను సంతకం కూడా పెట్టాడు. అది ఇప్పుడు అప్పు కాదు, ఆయన కట్టకపోతే అప్పు అవుతుంది. కూడికలో కలపకుండా పట్టిక కింద ఒక వాక్యంగా రాసుకున్నాం.

ఇలా తేలిన పట్టిక ఇది.

| అంశం | 2024 మార్చి 31 | 2025 మార్చి 31 |
|---|---|---|
| ఇల్లు | 22,00,000 | 22,00,000 |
| పొలం వాటా | 6,00,000 | 6,00,000 |
| బంగారం, 80 గ్రాములు | 4,96,000 | 6,64,000 |
| భవిష్య నిధి | 3,10,000 | 3,79,000 |
| బీమా సరెండర్ విలువ | 90,000 | 1,08,000 |
| బ్యాంకు ఖాతా | 37,000 | 48,000 |
| చిట్టీలో కట్టినది | 52,000 | 0 |
| మోటారు సైకిల్ | 40,000 | 34,000 |
| చేబదులు | 50,000 | 0 |
| మొత్తం ఆస్తులు | 38,75,000 | 40,33,000 |
| ఇంటి రుణం | 10,70,000 | 10,18,000 |
| నగల రుణం | 1,23,000 | 0 |
| చిట్టీ మిగిలిన వాయిదాలు | 0 | 40,000 |
| మొత్తం అప్పులు | 11,93,000 | 10,58,000 |
| నికర ఆస్తి | 26,82,000 | 29,75,000 |

ఏడాదిలో 2,93,000 పెరిగింది. అక్క ముఖం వెలిగింది. కానీ ఈ అంకెలో ఒక తప్పు ఉంది. అది పట్టికను ఎంత చూసినా కనిపించదు. రెండోవైపు నుంచి లెక్క వేస్తేనే బయటపడుతుంది.

నికర ఆస్తి రెండే కారణాలతో మారుతుంది. ఒకటి, ఉన్న వస్తువుల ధర మారడం. రెండు, మనం సంపాదించి ఖర్చు చేయకుండా మిగల్చడం. కట్నమో కానుకో వాటానో వస్తే అది మూడోది, ఆ ఏడాది ఈ ఇంట్లో అలాంటిది లేదు. ధరల వల్ల వచ్చిన మార్పు ముందు తీశాం. బంగారం వల్ల 1,68,000 పెరిగింది, మోటారు సైకిల్ పాతబడటం వల్ల 6,000 తగ్గింది, రాని బాకీ వల్ల 50,000 తగ్గింది. మొత్తం మీద 1,12,000 పెరుగుదల. దాన్ని 2,93,000లోంచి తీస్తే 1,81,000 మిగిలింది. ఇది వాళ్ళిద్దరూ ఆ ఏడాది సంపాదించి మిగిల్చినది అయి ఉండాలి.

అయి ఉండాలి అంటున్నానంటే, అది నిజమో కాదో చూసుకునే దారి ఉంది కాబట్టి. అక్క ఇంటి ఖర్చు రోజూ రాస్తుంది. బావ జీతం చేతికి నెలకు 28,000, అక్క కుట్టుపని మీద సగటున 7,000, ఏడాదికి 4,20,000. ఇంటి ఖర్చు ఫ్రిజ్‌తో సహా 2,21,000. తేడా 1,99,000. దీనికి జీతంలోంచి, యజమాని వైపు నుంచి భవిష్య నిధికి చేరిన 42,000, దాని మీద వడ్డీ 27,000 కలపాలి. 2,68,000 అవుతుంది. ఇందులోంచి తిరిగి రానివి తీసేయాలి. ఇంటి రుణానికి ఏడాదిలో కట్టిన 1,46,000లో 94,000 వడ్డీకే పోయింది, అసలు తగ్గింది 52,000 మాత్రమే. నగల రుణం మీద ఈ ఏడాది వడ్డీ 7,000. చిట్టీకి మొదటి నుంచి చివరి వరకు కట్టేది 1,78,000, వచ్చింది 1,70,000, అంటే 8,000 ఖర్చు. బీమాకు 24,000 కడితే సరెండర్ విలువ పెరిగింది 18,000, మిగతా 6,000 రక్షణకు ఇచ్చిన ధర. ఈ నాలుగూ కలిపి 1,15,000. తీసేస్తే 1,53,000.

ఒకవైపు 1,81,000, ఇంకోవైపు 1,53,000. తేడా 28,000.

ఇలాంటి తేడా వస్తే నేను ముందు దాని పరిమాణం చూస్తాను. అది ఇంట్లో తిరిగే ఏదో ఒక అంకెతో సరిపోలితే సగం పని అయినట్టే. 28,000 అంటే సరిగ్గా ఒక నెల జీతం. పాస్‌పుస్తకం తిరగేశాం. 2024 మార్చి 31 ఆదివారం. ఆ నెల జీతం ఏప్రిల్ మొదటి వారంలో పడింది. 2025లో మార్చి జీతం నెల ముగియక ముందే వచ్చేసింది. అంటే రెండు ఫొటోల మధ్య ఖాతాలో పడినవి 13 జీతాలు. మార్చి 2024లో చేసిన పనికి రావాల్సిన 28,000 ఆ రోజుకే బావ ఆస్తి, ఖాతాలో కనిపించలేదు అంతే. పాత పట్టికలో "రావాల్సిన జీతం 28,000" అని ఒక వరుస చేర్చాం. 2024 నికర ఆస్తి 27,10,000 అయింది. పెరుగుదల 2,65,000. ధరల వల్ల వచ్చిన 1,12,000 పోతే 1,53,000. రెండు వైపులా సరిపోయింది.

ఇప్పుడు మొదటి వాదనకు జవాబు దొరికింది. బావ చూసిన పాస్‌పుస్తకంలో 11,000 పెరిగింది. ఆ జీతం సంగతి సరిచేసి చూస్తే నగదు నిజానికి 17,000 తగ్గింది. అయినా వాళ్ళు 1,53,000 మిగిల్చారు. ఆ డబ్బు ఖాతాలో లేదు. నగలు తాకట్టు నుంచి విడిపించడంలో, ఇంటి రుణం అసలు తగ్గడంలో, భవిష్య నిధిలో ఉంది. అక్క చూసిన 1,68,000 కూడా నిజమే, కానీ దానికోసం వాళ్ళు చేసిన పని ఏమీ లేదు. వచ్చే ఏడాది ధర అంతే తగ్గవచ్చు కూడా. అప్పుడు ఇదే కష్టం, ఇదే పొదుపు ఉన్నా నికర ఆస్తి దాదాపు కదలనట్టు కనిపిస్తుంది. అందుకే పట్టిక కింద పెరుగుదలను ఒకే అంకెగా రాయకుండా, ధరల వల్ల ఇంత, మన వల్ల ఇంత అని రెండు వరుసలుగా రాయమంటాను. ఏటా పోల్చి చూసుకోవాల్సింది రెండో వరుస.

ఖర్చు రాసే అలవాటు లేని ఇళ్ళలో ఈ రెండోవైపు లెక్క వేయలేమని అనుకోవద్దు. లెక్కను తలకిందులు చేయవచ్చు. ఆదాయం తెలుసు, వడ్డీలు తెలుసు, నికర ఆస్తిలో ధరల మార్పు పోగా పెరిగినదీ తెలుసు. మిగిలేది ఇంటి ఖర్చే. అక్క పుస్తకం లేకపోయినా 2,21,000 అని తేలేది. అయితే అలా తేలిన ఖర్చులో మన పొరపాట్లన్నీ దాక్కుంటాయి. ఆ 13వ జీతం పట్టుకోకపోయి ఉంటే ఇంటి ఖర్చు 28,000 తక్కువగా, 1,93,000 అని తేలేది. దానిలో అనుమానించడానికి ఏమీ కనిపించేది కాదు. రెండు వైపులా వేరువేరుగా వేసిన లెక్క ఉంటేనే తప్పు బయటపడుతుంది. నెల రోజుల ఖర్చయినా నిజాయతీగా రాసి, దాన్ని పన్నెండుతో గుణించి పోల్చి చూసుకోవడం మేలు.

తేడా గుండు అంకె కాకుండా ఎగుడుదిగుడుగా వస్తే వెతకాల్సిన చోట్లు వేరు. కిరాణా కొట్లో నెలాఖరుకు ఉండిపోయిన ఖాతా, మార్చి 31 దాటాక బ్యాంకులో పడిన చెక్కు, ఇంట్లో బీరువాలో పెట్టి మరిచిపోయిన నగదు, ఏడాదికొకసారి కట్టే స్కూలు ఫీజు లాంటివి సాధారణంగా కారణమవుతాయి. వెయ్యి రెండు వేల తేడా మిగిలితే దాని వెంట రాత్రంతా పడనక్కర్లేదు. ఇంటి విలువలోనే అంతకంటే ఎన్నో రెట్లు అనిశ్చితి ఉంది. ఏ వైపు అన్నది మాత్రం రాసిపెట్టుకోవాలి. మూడేళ్ళు వరుసగా ఒకే వైపు వస్తుంటే ఎక్కడో ఒక వరుస పట్టికలోకి రావడం లేదని అర్థం.

పొద్దుపోయాక అక్క కొత్త పేజీ తిప్పి 2026 మార్చి 31 అని శీర్షిక పెట్టింది. ఇల్లు, పొలం విలువలు అలాగే దించుకుంది, బంగారం పక్కన గ్రాములు మాత్రం రాసి ధర ఖాళీగా వదిలింది. చిట్టీ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు అయిదు వాయిదాలు, ఆ తరువాత నెలకు 8,000 ఖాళీ అవుతాయి. దాన్ని ఇంటి రుణం అసలుకు అదనంగా కడితే 9 శాతం వడ్డీ తగ్గుతుందని బావ, కొంత ఖాతాలో ఉంచకపోతే మళ్ళీ అవసరం వచ్చినప్పుడు నగలే వెళ్తాయని అక్క. ముందు నాలుగు నెలల ఖర్చుకు సరిపడా, అంటే దాదాపు 75,000, బ్యాంకులో చేరే వరకు ఖాతాలోనే వేసి, ఆ తరువాత రుణానికి మళ్ళించాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇప్పుడున్న 48,000 మీద నెలకు 8,000 చొప్పున సెప్టెంబరు నుంచి లెక్కవేస్తే అది డిసెంబరుకు నిండుతుంది. అక్క ఆ నెల పేరు పెన్సిలుతో బ్యాంకు ఖాతా వరుస పక్కన రాసుకుంది.